మధ్యలో అందుకోకు

మా ఇంట్లో నేను మొదలుపెట్టిన మాటను నేనే పూర్తిచేసిన సందర్భాలు తక్కువ. బస్సు డ్రైవరుగా బతికినవాడిని. బస్సు నా చేతిలో ఏనాడూ ఆలస్యం కాలేదు గానీ, మాట మాత్రం ప్రతి స్టాపులోనూ ఆగి ఆగి వస్తుంది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్కేస్తారు. "కొంచెం ఆ..." అని నేనంటే చాలు, నా కోడలు "మంచినీళ్ళేగా మామయ్యా" అని గ్లాసు పెట్టేస్తుంది. నేను అడగబోయింది ఫ్యాను వేయమని. సరే, నీళ్ళూ మంచివే కదా అని తాగేస్తాను.

మా మనవరాలు కూడా ఈ ఇంట్లోనే పెరిగింది. దాన్ని నేను అమ్మడూ అంటాను. ఇప్పుడు పెద్ద బడిలో సోషల్ టీచరు. చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని వీధిలోంచి వెళుతుంటే పిల్లలు సైకిళ్ళు దిగి నమస్తే పెడతారు. అది చూడటానికే నేను పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుంటాను. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారేమో, అననీయండి. నా కాకిపిల్ల అలాంటిలాంటిది కాదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా భోజనాల బల్ల దగ్గర కూలబడింది.

"ఏమే, ఎవరైనా ఏమైనా అన్నారా?" అంది కోడలు.

"అనలేదమ్మా. అడిగారు. కాదు, నేనే అడిగాను. ఇప్పుడు ఇరుక్కున్నాను."

సంగతి ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతులకి ఏడాది చివర సోషల్‌లో నోటి పరీక్ష ఉంటుంది. వైవా అంటారు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతారు. ఆ బడిలో దానికి ఎప్పటినుంచో ఒకే ప్రశ్నల కట్ట ఉంది. పన్ను అంటే ఏమిటి, ఓటు హక్కు ఎన్నేళ్ళకి వస్తుంది, ఇలాంటివి. అన్నల దగ్గర తమ్ముళ్ళు, అక్కల దగ్గర చెల్లెళ్ళు ఆ కట్ట తీసుకుని బట్టీ పట్టేస్తారు. టీచరు అడగటం, పిల్లవాడు అప్పజెప్పటం, టిక్కు పెట్టటం.

"నిరుడు వైవాలో నేను పక్కన కూర్చున్నాను తాతయ్యా," అంది అమ్మడు. "ఒకడున్నాడు, అందరూ రేడియో అంటారు వాణ్ణి. 'పన్ను అనగా ప్రభుత్వమునకు ప్రజలు చెల్లించు తప్పనిసరి చెల్లింపు' అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నిండా మార్కులు. బయటికొచ్చాక ఊరికే అడిగాను, 'ఒరేయ్, నువ్వు కడతావా పన్ను?' అని. 'లేదు టీచర్, నేను చిన్నపిల్లాణ్ణి కదా' అన్నాడు. చేతిలో అప్పుడే కొన్న బిస్కెట్ పొట్లం ఉంది! దాని ధరలోనే పన్ను ఉందని వాడికి తెలీదు."

"మరి వాడికి మార్కులు..." అన్నాను.

"ఎందుకిచ్చారంటావు, అంతే కదా? అదే నా బాధ. ఇంకో పిల్ల ఉంది, చివరి బెంచీలో కూర్చుంటుంది. నత్త అని ఏడిపిస్తారు దాన్ని. నోరు తెరవటానికే టైము పడుతుంది. తెరిచేలోపల 'నెక్స్ట్' అనేశారు. దానికి సున్నకి కాస్త పైన."

అమ్మడు హెడ్మాస్టరుగారి దగ్గరికెళ్ళి ఈ కట్ట తీసేద్దాం, పిల్లలకి అర్థమయిందో లేదో తేలే ప్రశ్నలు నేను రాస్తాను అందట. ఆయన చెడ్డవారు కాదు, కానీ ఊరికే ఒప్పుకునే మనిషీ కాదు. "రాయండమ్మా. శనివారం ఇద్దరు పిల్లలతో నా ముందు చేసి చూపించండి. నచ్చితే ఈ ఏడాది మీ ప్రశ్నలే. నచ్చకపోతే పాత కట్టే. మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు," అన్నారట.

"ఏ ఇద్దరు పిల్లలు?" అన్నాడు నా కొడుకు. వాడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. బల్ల చివర ఏదో మిషను గుండె విప్పి పెట్టుకుని ఉన్నాడు.

"ఆయనే ఎంచారు నాన్నా. రేడియో, నత్త."

మర్నాటి నుంచి మా భోజనాల బల్ల ప్రశ్నల కార్ఖానా అయిపోయింది. కార్డులు, రంగు పెన్నులు, కత్తిరించిన అట్టలు. కోడలు కంచాలు ఒళ్ళో పెట్టుకు తినమంది. అమ్మడు నాకు విడమరిచి చెప్పింది. ఒక్కో కార్డు పైన ఒకే ప్రశ్న ఉంటుంది, అందరికీ అదే. అది ఎవరైనా ఎంతో కొంత చెప్పగలిగేదై ఉండాలి, తలుపు తీసినట్టు. దాని కింద అనుబంధ ప్రశ్నలు. పిల్లవాడు ఏమంటే దాన్నిబట్టి ఏది అడగాలో అందులో ఉంటుంది. నేను వాటికి తోక ప్రశ్నలు అని పేరు పెట్టాను. అమ్మడు మొదట కోప్పడింది గానీ, రెండోరోజుకి తనూ తోకలే అంటోంది.

"తాతయ్యా, నువ్వు కూర్చో. నువ్వు పిల్లాడివి, నేను టీచరు."

"నాకు చదువు..."

"రాదని తెలుసులే. అందుకే నువ్వు."

కూర్చున్నాను. చేతులు కట్టుకోమనలేదు గానీ నేనే కట్టుకున్నాను.

"ఓటు ఎవరికి వేశామో ఎవరికీ కనపడకుండా ఎందుకు వేస్తాం?"

నేను ఆలోచించాను. "పద్ధతి గనక," అన్నాను.

అమ్మడు కార్డు చూసి తోక అడిగింది. "కనపడితే ఎవరైనా బెదిరిస్తారనా?"

"అవును."

"అంటే, మనకి నచ్చినవాళ్ళకి భయం లేకుండా వేసుకోవటానికే కదా?"

"అవునవును."

"కాబట్టి రహస్యం లేకపోతే స్వేచ్ఛ ఉండదు. అవునా?"

"లేనే లేదు," అన్నాను గట్టిగా.

అమ్మడు మురిసిపోయి పదికి పది వేసింది. నా జన్మలో పదికి పది అదే మొదలు. ఛాతీ ఇంత చేసుకుని కొడుకు దగ్గరికి వెళ్ళాను. "ఒరేయ్, నాకు సోషల్‌లో పదికి పది."

వాడు మిషన్లోంచి తల ఎత్తకుండా, "శభాష్ నాన్నా. ఏం చెప్పావు?" అన్నాడు.

"అవునన్నాను."

"ఇంకా?"

"మళ్ళీ అవునన్నాను. ఒకసారి లేదన్నాను."

వాడు తల ఎత్తాడు. కోడలు వంటింట్లోంచి పకపకా నవ్వింది. "ఏమే టీచరమ్మా, గంగిరెద్దుకి కూడా వేస్తావా పది?"

అమ్మడు నవ్వలేదు. కార్డు తీసుకుని చదువుకుంది. మొహం వాడిపోయింది. "తోకల్లో జవాబులు నేనే పెట్టేశాను," అంది మెల్లగా. "తాతయ్య తల ఊపాడంతే. పాత కట్టకన్నా ఇది ఇంకా దారుణం. అందులో కనీసం పిల్లలు బట్టీ అయినా పట్టాలి."

నా పది పోయినందుకు నాకూ కొంచెం దిగులేసింది, ఎందుకు దాచాలి.

కార్డులన్నీ చించేసి మళ్ళీ మొదలుపెట్టింది. అవును, కాదు అని తప్పించుకోగలిగే తోకలన్నీ కొట్టేసింది. రెండు సంగతులు ఒకేసారి అడిగే ప్రశ్నలు విడగొట్టింది. కార్డు ఎడమవైపు పిల్లలు ఏమనొచ్చో ఊహించి రాసింది, ఒప్పులే కాదు, తప్పులు కూడా. కుడివైపు దానికి తోక. పుస్తకంలో మాట యథాతథంగా అప్పజెబితే, "మీ ఇంట్లోంచో వీధిలోంచో ఒక ఉదాహరణ చెప్పు." తప్పు చెబితే తప్పనకూడదు, "ఎందుకలా అనుకుంటున్నావు?" సగం చెబితే, "ఇంకా?" ఏమీ చెప్పకపోతే కాసేపు ఆగి అదే ప్రశ్న అవే మాటల్లో మళ్ళీ. అప్పటికీ రాకపోతే చిన్న సాయం, కానీ సాయం చేసినట్టు మార్కుల కాగితంలో గుర్తు పెట్టాలి. ఎందుకంటే సాయంతో చెప్పిందీ, సొంతంగా చెప్పిందీ ఒకటి కాదుగా. చివర మళ్ళీ అందరికీ ఒకటే ప్రశ్న.

మళ్ళీ నన్ను కూర్చోబెట్టింది.

"ఓటు ఎవరికి వేశామో ఎవరికీ కనపడకుండా ఎందుకు వేస్తాం?"

"పద్ధతి గనక."

"సరే. ఆ పద్ధతి తీసేసి, అందరిముందూ చెయ్యెత్తి వెయ్యాలంటే, నీకు ఏం మారుతుంది?"

ఇది వేరే సంగతి. తల ఊపితే సరిపోదు. నేను ఆలోచించి, "మా డిపోలో..." అన్నాను. ఆగాను.

"యూనియన్ ఎన్నికల్లో ఆఫీసరు చూస్తుంటే భయపడేవాళ్ళం అంటావు. భలే!" అని అమ్మడు రాసేసుకుంది.

నేను ఊరుకున్నాను.

"ఏం తాతయ్యా? అంతేగా?"

"నేను చెప్పాలనుకున్నది... అది కాదు."

పెన్ను ఆగిపోయింది. "మరేంటి?"

"మా డిపోలో నా బావమరిది నిలబడ్డాడు. వాడికి నేను... వెయ్యలేదు. చేతులెత్తే పద్ధతయితే మీ నాయనమ్మ నాకు... అన్నం పెట్టేది కాదు. ఆఫీసరు భయం కాదు. చుట్టరికం భయం."

కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొడుకు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు మరి.

"ఇంత మంచి జవాబు పెట్టుకుని, నేను అడ్డం పడితే ఊరుకున్నావేంటి తాతయ్యా?"

"నువ్వు చెప్పింది కూడా... బాగానే ఉంది కదా అని."

"ఎప్పటినుంచి ఇలా చేస్తున్నాను నేను?"

"నీకు మాటలు వచ్చినప్పటి నుంచి. నీదేం తప్పు లేదు. ఇంట్లో అందరూ అంతే."

అమ్మడు అంతకుముందు రాసుకున్నది కొట్టేసింది. తర్వాత ఒక కార్డు తీసి, ఎర్ర సిరాతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి నాకు చదివి వినిపించింది. మధ్యలో అందుకోకు. "ఇది పిల్లలకి కాదు తాతయ్యా, నాకు. రేపు నత్త దగ్గర కూడా ఇదే చేసేదాన్ని. దాని నోట్లో నా జవాబు పెట్టి, దానికే మార్కులు వేసేదాన్ని. హెడ్మాస్టరుగారు ఇట్టే పట్టేస్తారు."

ఆపైన పటాలు. ఒకే ఊరివి రెండు. పాత రోజుల్లో ఒకటి, తర్వాతి కాలంలో ఒకటి. ఊరు ఉత్తదే, అమ్మడు పుట్టించింది. పాతదాంట్లో నది, పడవల రేవు, రేవు పక్కనే సంత. కొత్తదాంట్లో నదికి కింది వైపు వంతెన పడింది, సంత వంతెన దగ్గరికి జరిగింది. గీతలు అమ్మడు గీసింది. ఇళ్ళకి చిన్న చిన్న ఎర్ర పెట్టెలు వేసే పని నాకు ఇచ్చింది. పాత పటం పూర్తిచేశాను. కొత్త పటం కూడా పూర్తిచేశాననే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఫ్యాను గాలి చల్లగా ఉంది, కొంచెం కునుకు పట్టినట్టు గుర్తు.

శనివారం పటాల గొట్టం నేను పట్టుకున్నాను, సంచి అమ్మడు పట్టుకుంది. బడి దాకా దిగబెట్టి వచ్చేద్దామనుకున్నాను. వరండాలో హెడ్మాస్టరుగారు ఎదురయ్యారు. సన్నటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీద.

"ఎవరమ్మా?"

"మా తాతయ్య సార్. నా మొదటి స్టూడెంటు."

"పాసయ్యారా?" అన్నారు నన్ను చూసి.

"రెండోసారికి..." అన్నాను. ఆయన నవ్వి, వెనక బెంచీ మీద కూర్చోండి, కానీ నోరు మెదపకూడదు అన్నారు. నోరు మెదపకుండా ఉండటం నాకు వచ్చిన ఏకైక విద్య.

ఆ గదిలో బల్లకి ఇటు అమ్మడు, అటు ఖాళీ కుర్చీ. హెడ్మాస్టరుగారు పక్కగా కూర్చున్నారు. ఆయన చేతిలో ఒక మార్కుల కాగితం, అమ్మడి చేతిలో అలాంటిదే ఇంకొకటి. ఒకరిది ఒకరు చూడకుండా వేసి, చివర పోల్చి చూద్దామని అమ్మడే అడిగింది. మార్కులు తోకల లెక్కన కాదు. చూసింది చెప్పాడా, కారణం చెప్పాడా, ఆ కారణానికి ఆధారం చూపించాడా, తన మాటని తనే అనుమానించగలిగాడా, అలా మెట్లు మెట్లుగా ఉన్నాయి.

రేడియో వచ్చాడు. నూనె పెట్టి దువ్విన తల. కూర్చోకముందే, "పటము అనగా..." అని మొదలుపెట్టాడు.

"కూర్చో నాన్నా. ఈ రెండు పటాలూ చూడు. ఎంతసేపైనా చూడు. నీకు కనిపించిన ఒక పెద్ద మార్పు చెప్పు."

"వంతెన టీచర్! వంతెన అనగా రవాణా సౌకర్యమును అభివృద్ధి చేయు కట్టడము."

హెడ్మాస్టరుగారి తల తృప్తిగా ఊగింది. అమ్మడు ఈ పటాల కార్డులో పుస్తకం మాటకి రాసుకున్న తోక అడిగింది. "ఈ ఊళ్ళో రేవు పక్కన బుట్టలు అమ్మే మనిషి ఒకతను ఉన్నాడనుకో. వంతెన పడ్డ మర్నాడు అతనికి ఏం మారింది?"

రేడియో నోరు తెరిచాడు. స్టేషను పట్టలేదు. "రవాణా... సౌకర్యము..."

అమ్మడు ఏమీ అందించలేదు. ఆగింది. మళ్ళీ అదే ప్రశ్న, అవే మాటల్లో అడిగింది. వాడు మొదటిసారి పటాన్ని నిజంగా చూశాడు. "అతనికి... బేరాలుండవు టీచర్. సంత అటు పోయింది కదా. అతనూ బుట్టలెత్తుకుని అటు పోవాలి." చెప్పి, తనే ఆశ్చర్యపోయాడు. "అంటే వంతెన అందరికీ మంచిది కాదా టీచర్?"

"నువ్వేమంటావు?"

"అందరికీ ఒకేలా కాదు," అన్నాడు. ఇందాకటి గొంతు కాదది. వాడి సొంత గొంతు. వాడికి కూడా మేలే జరిగిందని నాకు అనిపించింది.

తర్వాత చివరి బెంచీ పిల్ల వచ్చింది. భుజాలు ముడుచుకుని కూర్చుంది. అదే ప్రశ్న.

ఆ పిల్ల పటాలు చూసింది. చూసింది. ఇంకా చూసింది. కిటికీ బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు మొదలై, వరండా చివరి దాకా వెళ్ళి ఆగిపోయింది. హెడ్మాస్టరుగారి పెన్ను బల్లమీద టకటకలాడింది. అమ్మడి పెదవులు 'వం' అనటానికి దగ్గరికి వచ్చాయి. నాకు తెలుసు ఆ పెదవులు, చిన్నప్పటినుంచి నా మాటలన్నీ అవే పూర్తిచేశాయి. అమ్మడు చెయ్యి ఎర్ర సిరా కార్డు మీద పడింది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి.

ఎవడో నా మనవరాలికి పతకం వేసినా నాకు అంత గర్వం ఉండదు.

"ఇళ్ళు..." అంది పిల్ల. "రేవు దగ్గర... ఇళ్ళు తగ్గాయి టీచర్."

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు దించి కార్డు చూశారు. కార్డులో ఇళ్ళ సంగతి లేదు. అమ్మడు పటం చూసింది. రేవు పక్కన పాతదాంట్లో ఎర్ర పెట్టెలు గుంపుగా ఉన్నాయి. కొత్తదాంట్లో తెల్లగా ఖాళీ. అమ్మడు తల తిప్పి నన్ను చూసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు చూసుకున్నాను. ఫ్యాను, కునుకు, ఎర్ర పెన్ను. అవి తగ్గిన ఇళ్ళు కావు. నేను వేయని ఇళ్ళు.

ఊహించిన ఏ జవాబులోనూ ఇది లేదు. రాసిపెట్టుకున్న తోక లేదు. ఇంకెవరైనా అయితే 'అది కాదమ్మా, అసలు సంగతి చూడు, వంతెన' అనేవాళ్ళు. అమ్మడు పిల్ల వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "ఎందుకు తగ్గి ఉంటాయి?" అంది.

పిల్ల మళ్ళీ అంతసేపూ పటాలు చూసింది.

"పడవ... రాదు కదా."

"పటంలో దేన్ని చూసి అలా అంటున్నావు?"

"పాతదాంట్లో పడవ బొమ్మ ఉంది. కొత్తదాంట్లో లేదు. వంతెన... కింద ఉంది. అందరూ అటునుంచే పోతారు. ముందయితే... పడవ కోసం ఇక్కడ ఆగేవాళ్ళు. ఆగేవాళ్ళుంటే... టీ అమ్మేవాళ్ళుంటారు. పడుకోవటానికి గది ఇచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ ఇళ్ళే టీచర్ ఇవి. ఆగేవాళ్ళు లేకపోతే... వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? వెళ్ళిపోయుంటారు."

బల్లమీద పెన్ను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

చివరి ప్రశ్న, అందరికీ ఒకటే. "నువ్వన్నది తప్పు కావచ్చు అని ఎవరైనా అంటే, వాళ్ళు ఏం చూపిస్తారు?"

పిల్ల పటం మీద వేలు పెట్టి ఆ తెల్లటి ఖాళీని తడిమింది. "పటం వేసినవాళ్ళు... చిన్న ఇళ్ళు వెయ్యలేదేమో టీచర్. వదిలేసి ఉండొచ్చు. అక్కడికి పోయి... పాతవాళ్ళని అడిగితేగానీ తెలీదు."

నేను బెంచీ కింద దూరటానికి చోటు వెతుక్కున్నాను.

పిల్లలిద్దరినీ పంపించాక హెడ్మాస్టరుగారు రెండు పటాలూ ముందుకు లాక్కున్నారు. "మీ కార్డులో వంతెన ఉంది, సంత ఉంది. ఇళ్ళు లేవు. కార్డులో లేనిదానికి మార్కులెలా వేస్తారమ్మా?"

"కార్డులో ఉన్నవి జవాబులు కావు సార్. పిల్లలు వెళ్ళే దారుల్లో నేను ఊహించగలిగినవి. ఆ అమ్మాయి నేను ఊహించని దారిలో వెళ్ళింది. కానీ చూసింది చెప్పింది, కారణం చెప్పింది, పటంలో ఆధారం చూపించింది. చివరికి తన కారణాన్ని తనే అనుమానించింది. నేను మార్కులు వేసేది దానికి."

"బాగుంది. కానీ వాడికి బుట్టల ప్రశ్న, ఈమెకి ఇళ్ళ ప్రశ్న. రేపు తల్లిదండ్రులు వచ్చి, మావాడికి కష్టమైంది అడిగారంటే?"

"మొదటి ప్రశ్నా చివరి ప్రశ్నా అందరికీ ఒకటే సార్. మధ్యలోవి మాత్రం వాళ్ళ మాటల్లోంచే పుడతాయి. కొలిచే మెట్లు కూడా ఒకటే. అందుకే ఇద్దరం విడివిడిగా వేద్దామన్నాను. చూద్దామా?"

కాగితాలు పక్కపక్కన పెట్టారు. రేడియో దగ్గర ఒక మెట్టు తేడా వచ్చింది. ఆయన తొందరపడి వంతెన మాటకే పై మెట్టు ఇచ్చేశారు. నత్త దగ్గర తేడాయే లేదు. ఇద్దరూ చివరి మెట్టుకే గుర్తు పెట్టారు.

ఆయన ఆ కాగితాలు కింద పెట్టారు. "నిరుడు ఈ పిల్లకి 'నెక్స్ట్' అన్నది నేనేనమ్మా," అన్నారు. తర్వాత మళ్ళీ పటం ఎత్తి, "అది సరే, వంతెన పడితే ఇళ్ళు పోతాయని మీరు కావాలనే అక్కడ ఇళ్ళు వెయ్యకుండా వదిలేశారా? అంత ఆలోచించినవారు కార్డులో ఎందుకు రాయలేదు?" అన్నారు.

అమ్మడు నోరు తెరిచింది. నన్ను చూసి మూసేసింది. నన్ను వదిలేసిందని కాదు, నా మాట నన్నే చెప్పుకోమని. నేను లేచి నిలబడ్డాను.

"ఆ ఇళ్ళు... నేను..."

ఎవరూ అందుకోలేదు. ఆ గదిలో చదువుకున్నవాళ్ళిద్దరూ నా మొహంకేసి చూస్తూ ఆగారు. అంత ఖాళీ నాకెప్పుడూ దొరకలేదు. ఏం చేసుకోవాలో తెలీక కొంచెం కంగారు కూడా పడ్డాను.

"...వెయ్యటం మర్చిపోయానండీ. ఫ్యాను గాలికి నిద్రపట్టింది. ఆ పిల్ల చెప్పింది నిజం. పటం వేసినవాడు... వదిలేశాడు. పాతవాళ్ళని అడగాలంది కదా. నేనే ఆ పాతవాణ్ణి."

హెడ్మాస్టరుగారు నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పటం అలాగే ఉంచండమ్మా. ఇళ్ళు వెయ్యొద్దు. కార్డులో మాత్రం ఇళ్ళ దారి కూడా రాయండి." లేచి గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూశారు. "ఈ ఏడాది మీ ప్రశ్నలే. కానీ ఒక షరతు. మిగతా టీచర్లకి కూడా నేర్పాలి. కార్డులు ఎలా చదవాలో కాదు, అది ఎవరైనా చదువుతారు. నోరు మూసుకుని ఎలా ఉండాలో నేర్పాలి. ముందు నాకు నేర్పండి."

బయటికొచ్చేసరికి చివరి బెంచీ పిల్ల వరండా స్తంభానికి ఆనుకుని ఉంది. ఇంటికి పోలేదు. అమ్మడిని చూసి ఏదో చెప్పబోయింది. అమ్మడు ఆగింది. సంచి మెట్టు మీద పెట్టి మరీ ఆగింది.

"టీచర్... మళ్ళీ ఎప్పుడు అడుగుతారు?" అంది పిల్ల.

పరీక్ష మళ్ళీ ఎప్పుడు పెడతారని అడిగే పిల్లని నేను అదే చూడటం.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా అమ్మడు రచ్చ గెలిచేసింది. ఇల్లే ఇంకా మిగిలింది. ఆ సాయంత్రం అందరం బల్ల దగ్గర కూర్చున్నాం, ఈసారి కంచాలు బల్లమీదే పెట్టుకుని. నేను గొంతు సవరించుకుని, "కోడలా, నాకు కొంచెం..." అన్నాను.

"మంచినీ..." అంది కోడలు, గ్లాసు అప్పుడే చేతిలో ఉంది.

అమ్మడు చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా. మధ్యలో అందుకోకు."

కోడలు గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. కొడుకు ముద్ద చేతిలో పెట్టుకుని ఆగాడు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నాకా, ఏం అడగబోయానో చప్పున గుర్తు రాలేదు. తొందరేమీ లేదు కదా అని నెమ్మదిగా వెతుక్కున్నాను. దొరికింది.

"నాకు కొంచెం... ఇంకో ప్రశ్న అడగండి," అన్నాను. "మొన్నటి పదికి పది... కొట్టేశారు కదా. ఈసారి నిజంగా తెచ్చుకుంటాను."

అమ్మడు కార్డుల పెట్టె దగ్గరికి లాక్కుంది.